ఏటట్టుండు, ప్రయత్నించు, మొదలుపెట్టు: తెలుగులో రెయిజింగ్‌నూ కంట్రోల్‌నూ వేరుచేయడం ఎట్లా?

ప్రశ్న: నమస్తే సార్. హన్మకొండల ఎం.ఏ. చదువుతున్న. 'వాడు గెలిచేటట్టున్నడు', 'వాడు గెలవడానికి ప్రయత్నిస్తున్నడు', ఈ రెండిట్ల మొదటిది రెయిజింగ్, రెండోది కంట్రోల్ అని క్లాసుల చెప్పిన్రు. చూస్తే రెండూ ఒక్కతీరే ఉన్నయి. ఇంగ్లిష్‌ల అయితే ఇట్, దేర్, జాతీయాలు, పాసివ్ పెట్టి తేలుస్తరు. తెలుగుల ఇట్, దేర్ లేనే లేవు, పాసివ్ ఎవరూ మాట్లాడరు. మరి ఎట్ల తేల్చాలె? 'మొదలుపెట్టు' ఏ గుంపుల పడ్తది?

జవాబు:

మీ క్లాసులో చెప్పింది సరైనదే. ఏటట్టుండు రెయిజింగ్, ప్రయత్నించు కంట్రోల్, మొదలుపెట్టు రెండు గుంపుల్లోనూ ఉంది. తెలుగులో ఈ సంగతి తేల్చడానికి జాతీయాల పరీక్ష ఉన్నదున్నట్టు పనికొస్తుంది. ఇట్, దేర్‌లకు బదులు కర్తే లేని 'తెల్లారింది' లాంటి వాక్యాలు, 'రవికి తెలిసింది' లాంటి కు-కర్త వాక్యాలు వాడుకోవాలి. పాసివ్‌కు బదులు 'పట్టుకొను, పట్టుబడు' లాంటి జంటలు వాడుకోవాలి. ఇక్కడ కర్త వైపు సంగతే చెప్తాను. 'ఒప్పించు', 'అనుకొను' లాంటి కర్మ వైపు క్రియలకు వేరే జాగ్రత్తలు ఉన్నాయి, అవి కలిపితే గందరగోళమవుతుంది. ఉదాహరణలు మన దిక్కు మాటలోనే రాస్తున్నాను. కుదరని వాక్యం ముందు ✗ పెడతాను.

మూడు పరీక్షలూ అడిగేది ఒకటే: వాక్యం చివర వచ్చే ఏటట్టుండు, ప్రయత్నించు లాంటి పైక్రియ తన కర్తకు ఏదైనా పాత్ర ఇస్తుందా? ప్రయత్నించు ఇస్తుంది. ప్రయత్నం చేసేవాడు ఒకడు ఉండాలి, చేసే పని ఒకటి ఉండాలి. 'వాడు గెలవడానికి ప్రయత్నిస్తున్నడు' అన్నప్పుడు వాడికి పైన ప్రయత్నించేవాడి పాత్ర, కింద గెలిచేవాడి పాత్ర ఉంటాయి. కింది పాత్రకు కనబడని కర్త ఒకటి ఉందని లెక్క, పుస్తకాల్లో దాన్నే ప్రో అంటారు. ఏటట్టుండుకు అట్లాంటి పాత్ర లేదు. దానికి కావలసింది ఒక్క సంగతి మాత్రమే. వాడి పాత్ర మొత్తం గెలుచు దగ్గరనుంచే వచ్చింది. వాడు పైకి వచ్చి కూర్చున్నాడు, అంతే.

అసలు పైకి వచ్చాడని ఎట్లా తెలుస్తుంది? ఇక్కడ తెలుగు మనకు ఇంగ్లిష్ కంటే ఎక్కువ సాయం చేస్తుంది. ఈ రెండూ చూడండి:

వాళ్ళు వచ్చేటట్టుంది.
వాళ్ళు వచ్చేటట్టున్నరు.

రెండూ మాట్లాడతాం. మొదటిదాంట్లో 'ఉంది' ఎవరితోనూ కలవలేదు, వాళ్ళు కింది వాక్యంలోనే ఉన్నారు. రెండోదాంట్లో 'ఉన్నరు' వాళ్ళతో కలిసింది, అంటే వాళ్ళు పైక్రియకు కర్త అయ్యారు. ఇంగ్లిష్‌లో 'ఇట్ సీమ్స్ దట్ దే...', 'దే సీమ్ టు...' అనే జంట చేసే పనిని ఇక్కడ క్రియ చివరి రూపమే చేస్తుంది. అయితే ఉదాహరణ ఎంచుకునేటప్పుడు ఒక్క జాగ్రత్త తీసుకోండి. ఆడమనిషి ఒక్కరైనా, వస్తువు ఒక్కటైనా 'ఉంది' అనే అంటాం కదా. కాబట్టి 'ఆమె వచ్చేటట్టుంది' అనే వాక్యంతో ఏమీ తేలదు. అందులో ఉంది ఆమెతో కలిసిందో, ఎవరితోనూ కలవక ఉట్టిగా ఉందో చెప్పలేం. పరీక్ష వాక్యాల్లో ఎప్పుడూ బహువచనం గానీ, మగమనిషి ఏకవచనం గానీ పెట్టండి. ఉన్నరు, ఉన్నయి, ఉన్నడు అన్నవే సాక్ష్యం చెప్తాయి.

ఇది రెండు క్రియల వాక్యమేనా, ఉండు ఉట్టి సహాయక్రియ కాదా అని మీకు అనుమానం రావచ్చు. 'నిన్నటిదాకా వాళ్ళు రేపు వచ్చేటట్టే ఉండె' అని చూడండి. పైన నిన్న, కింద రేపు. రెండు కాలాలు విడిగా ఇముడుతున్నాయంటే రెండు వాక్యాలు ఉన్నట్టే. 'కురవసాగింది', 'పడబోతుంది' లాంటివాటిలో ఈ వీలు ఉండదు. అందుకే వాటిని రెయిజింగ్‌కు ఉదాహరణగా పెట్టకండి. అవి పరీక్షలన్నీ పాసవుతాయి, కానీ అక్కడ రెండో వాక్యమే లేదని ఎవరైనా అంటే మీ దగ్గర జవాబు ఉండదు.

జాతీయాల పరీక్ష

'వాని పప్పులు ఇక్కడ ఉడకవు' అంటే వాడి ఎత్తులు సాగవని అర్థం. ఈ అర్థం పప్పులు, ఉడుకు అనే రెండు మాటలూ ఒకేచోట కలిసి పుట్టినప్పుడే వస్తుంది. ఇప్పుడు పైక్రియలు తగిలించి చూద్దాం:

వాని పప్పులు ఇక్కడ ఉడికేటట్టు లేవు.
✗ వాని పప్పులు ఇక్కడ ఉడకడానికి ప్రయత్నిస్తలేవు.

మొదటిదాంట్లో 'లేవు' బహువచనం. అంటే పప్పులు పైకి వచ్చి లేవుకు కర్త అయ్యాయి, అయినా ఎత్తులు సాగవన్న అర్థం చెక్కుచెదరలేదు. పైకి రాకముందు అవి ఉడుకు పక్కనే పుట్టాయి కాబట్టే ఇది సాధ్యమైంది. రెండోదాంట్లో పప్పులే ప్రయత్నించేవి కావాలి. జాతీయం చచ్చిపోయి, కుండలోని కందిపప్పు బుద్ధిపూర్వకంగా మొరాయిస్తున్నట్టు వింత అర్థం ఒక్కటే మిగులుతుంది. ఎందుకంటే కింద ఉడుకుకు కర్తగా ఉన్నది పప్పులు కాదు, కనబడని ప్రో. ప్రోతో కలిసి ఉడుకు జాతీయం కాలేదు.

'కళ్ళు నెత్తికెక్కినయి' కూడా ఇట్లాగే పనిచేస్తుంది. 'వానికి కళ్ళు నెత్తికెక్కేటట్టున్నయి' బాగుంది, వాడికి పొగరు పట్టేలా ఉందనే అర్థం నిలిచింది. '✗ వానికి కళ్ళు నెత్తికెక్కడం నేర్చుకున్నయి' అనలేం. 'గుట్టు రట్టయింది', 'పుట్టి మునిగింది', 'కొంప మునిగింది' కూడా వాడొచ్చు, కానీ అవి ఏకవచనాలు. 'కొంప మునిగేటట్టుంది' అంటే అర్థం నిలిచిందని తెలుస్తుంది, కొంప పైకొచ్చిందో లేదో తెలియదు. పప్పులు, కళ్ళు మేలు.

ఈ పరీక్షలో అందరూ జారేది ఒక్కచోటే. జాతీయంలో కర్త కూడా భాగమై ఉండాలి. 'గోతులు తవ్వు', 'చేతులెత్తెయ్యి', 'నక్క తోక తొక్కు' లాంటివాటిలో కర్త బయట ఉంటుంది, ఎవరినైనా పెట్టొచ్చు. 'వాడు నాకు గోతులు తవ్వడానికి ప్రయత్నిస్తున్నడు' అంటే కుట్ర చేయడమనే జాతీయార్థం శుభ్రంగా నిలుస్తుంది. అది చూసి 'అర్థం నిలిచింది కాబట్టి ప్రయత్నించు రెయిజింగ్' అని రాస్తే తప్పు. గోతులు, తవ్వు రెండూ కిందే ఉన్నాయి, వాటిని ఎవరూ విడదీయలేదు. కాబట్టి ఈ వాక్యం ఏమీ పరీక్షించలేదు. సామెతలూ పనికిరావు. అవి పూర్తి వాక్యాలుగా గడ్డకట్టి ఉంటాయి, క్రియ రూపం మార్చగానే ఏ పైక్రియ కిందైనా చెడిపోతాయి. అది పైక్రియ తప్పు కాదు.

'ఎనుమాముల మార్కెట్ల మిర్చి ధరలు పడేటట్టున్నయి' అనొచ్చు, 'ధరలు పడడానికి ప్రయత్నిస్తున్నయి' అనలేం కదా, ప్రాణంలేని కర్తతోనే తేల్చేయొచ్చు కదా అని కొందరు అంటారు. అది తొలిచూపుకు మంచిదే గానీ బలహీనం. పేపర్లలో 'ధరలు పైకి ఎగబాకడానికి ప్రయత్నిస్తున్నాయి' అని మనిషి గుణం అంటగట్టి రాస్తే చదివేవాళ్ళు సర్దుకుపోతారు. జాతీయంతో అట్లా సర్దుకుపోవడం కుదరదు. అర్థం ఉంటుంది లేదా పోతుంది.

ఇట్, దేర్ లేకపోతే ఏం చేయాలి

ఇంగ్లిష్‌లో 'దేర్ సీమ్స్ టు బి ఎ ప్రాబ్లమ్' సరే, 'దేర్ ట్రైడ్ టు బి ఎ ప్రాబ్లమ్' తప్పు. దేర్‌కు అర్థం లేదు, అర్థం లేనిదానికి పాత్ర ఇవ్వలేం. కాబట్టి పాత్ర ఇచ్చే క్రియ దాన్ని కర్తగా ఒప్పుకోదు. మనకు దేర్ లేదు గానీ, దేర్ చేసిన పనికి వేరే దారి ఉంది. మనకు కావలసింది అర్థంలేని కర్త కాదు, పాత్ర తీసుకునే కర్త అసలే లేని కింది వాక్యం.

'తెల్లారింది' అన్నదాంట్లో ఏది తెల్లారింది అని అడిగితే జవాబు లేదు. దాన్ని కింద పెడితే:

ఇంకో గంటల తెల్లారేటట్టుంది.
✗ తెల్లారడానికి ప్రయత్నిస్తుంది.
✗ తెల్లారడం నేర్చుకుంది.

'వాన పడింది', 'చీకటి పడింది' అనేవి ఇంతకు సమానం కావు. వాటిలో వాన, చీకటి అనే కర్తలు ఉన్నాయి. పరీక్షకు పెట్టొచ్చు గానీ, కర్త లేని వాక్యమని రాయకండి.

దీనికంటే పదునైనది కు-కర్త. తెలియు, ఆకలి అవు, జ్వరం వచ్చు లాంటివి అనుభవించే మనిషికి కు ప్రత్యయం ఇస్తాయి. ఆ కు ఇచ్చేది కింది క్రియే, పైది కాదు. మరి పైక్రియ కింద పెడితే ఆ కు ఏమవుతుంది?

రవికి సంగతి తెలిసేటట్టుంది.
✗ రవి సంగతి తెలిసేటట్టున్నడు.
రవి సంగతి తెలుసుకోవడానికి ప్రయత్నిస్తున్నడు.

ఏటట్టుండు పక్కన 'రవికి' అట్లాగే నిలిచింది. పైక్రియ ఏమీ ఇవ్వలేదు, కింద దొరికిందే మిగిలింది. ప్రయత్నించు అట్లా కాదు. దానికి తన సొంత కర్త కావాలి, అందుకే 'రవి' అని ఉట్టి రూపంలో ఉండాలి. కింది క్రియ కూడా చేసే మనిషిని కోరే 'తెలుసుకొను'గా మారాలి. ఐస్‌లాండిక్ భాషలో ఇట్లాంటి విడ్డూరపు విభక్తి కర్తలు చాలా ఉన్నాయి, అక్కడా రెయిజింగ్‌లో ఆ విభక్తి చెక్కుచెదరదు. దేర్‌తో తేల్చేదాన్ని విభక్తితో తేల్చడం మన ఒక్కరి ఉపాయం కాదు.

ఇక్కడ రెండు గుంతలు ఉన్నాయి. మొదటిది, 'రవికి సంగతి తెలియడానికి ప్రయత్నిస్తున్నడు' అని ఎవరినైనా అడిగితే 'బాగానే ఉంది' అనొచ్చు. వెంటనే 'ఎవరు ప్రయత్నిస్తున్నారు?' అని అడగండి. రవి కాదు, ఇంకెవరో అంటారు. రవికి తెలియాలని వేరే మనిషి తంటాలు పడుతున్నాడన్నమాట. అడానికి అన్నది 'కోసం' అనే అర్థంలో కూడా వస్తుంది, అప్పుడు కింది వాక్యానికి తన సొంత కర్త ఉండొచ్చు. 'నేను గెలవడానికి మా అన్న చాలా ప్రయత్నించిండు' అనే వాక్యం అందుకే కుదురుతుంది. కాబట్టి ప్రయత్నించు దగ్గర బాగుందా లేదా అనే ఒక్క జవాబుతో ఆగకూడదు, ప్రయత్నించేవాడు ఎవరో అడిగి తీరాలి.

రెండోది, 'రవికి జ్వరం వచ్చి బడికి పోలేదు.' ఇందులో కు-కర్త ఉంది, పైక్రియ 'పోలేదు'. కు నిలిచింది కాబట్టి రెయిజింగ్ అనకండి. పోవు తన కర్తకు పాత్ర ఇస్తుంది, పోనివాడు రవే. పైన ఉన్న రవి కనబడటం లేదు, కింద ఉన్న 'రవికి' కనబడుతుంది. అంటే కనబడని కర్త పైవాక్యంలో ఉంది. దీన్ని వెనుకకు నడిచే కంట్రోల్ అంటారు. పైగా 'జ్వరం వచ్చి' అన్నది పైక్రియ కోరిన వాక్యం కాదు, పక్కన చేరిన వాక్యం. ఇట్లాంటి 'చేసి, వచ్చి' వాక్యాల్లో తెలుగు కంట్రోల్ గురించి యూసఫ్ హద్దాద్ 2009లో ఒక పెద్ద వ్యాసమే రాశారు. మీ రెయిజింగ్ పరీక్షలో మాత్రం వీటిని కలపకండి.

ఇంతకీ పుస్తకాల్లో కంట్రోల్ ముందు 'ఆబ్లిగేటరీ', అంటే తప్పనిసరి, అనే మాట ఎక్కడ వస్తుందంటే, కనబడని కర్త ఎవరో ముందే నిర్ణయమైపోయి, వేరేవాళ్ళను పెట్టే వీల్లేనప్పుడు. ప్రయత్నించు దగ్గర 'కోసం' అర్థం అడ్డం వస్తుంది కాబట్టి, దీనికి నేర్చుకొను చాలా శుభ్రమైన ఉదాహరణ. '✗ నేను ఈత కొట్టుడు వాడు నేర్చుకున్నడు' అనలేం. 'రవి వాళ్ళమ్మ ఈత కొట్టుడు నేర్చుకుంది' అంటే ఈత కొట్టేది అమ్మే, రవి కాలేడు. వాక్యంలో రవి పేరు ఉన్నా, ఊళ్ళో అందరూ రవి ఈత గురించే మాట్లాడుకుంటున్నా కాలేడు. 'రవి ఈత కొట్టుడు నేర్చుకున్నడు, సురేషు గుడ నేర్చుకున్నడు' అంటే సురేషు నేర్చుకున్నది తన ఈతే. అసైన్‌మెంట్‌లో ఆబ్లిగేటరీ కంట్రోల్ అని రాసేటప్పుడు ఈ మూడు వాక్యాలూ పెడితే చాలు.

పాసివ్ పరీక్ష

దీని తర్కం ఇది. కింది వాక్యాన్ని కర్తరి నుంచి కర్మణికి మార్చండి. రెయిజింగ్ అయితే మొత్తం వాక్యం నిజానిజాలు మారవు, ఎందుకంటే పైక్రియకు ఎవరు పైకి వచ్చినా ఒకటే. కంట్రోల్ అయితే మారిపోతాయి, ఎందుకంటే పాత్ర తీసుకునే మనిషే మారిపోయాడు.

'పరీక్షించబడు', 'చూడబడు' లాంటి బడు రూపాలు పెట్టి ఈ పరీక్ష చేయకండి. అవి ఎవరి నోటా రావు. వాక్యం చెడిపోతే అది పైక్రియ వల్లనో, బడు మోటుదనం వల్లనో తెలియదు. రోజూ మాట్లాడే జంట ఒకటి తీసుకోండి. అందులో సంఘటన ఒకటే కావాలి, మనుషుల చోట్లు తారుమారు కావాలి. పట్టుకొను, పట్టుబడు అట్లాంటిది. మాటలో కలిసిపోయిన బడు కాబట్టి చెవికి గుచ్చుకోదు.

పోలీసులు దొంగను పట్టుకునేటట్టున్నరు.
దొంగ పోలీసులకు పట్టుబడేటట్టున్నడు.

పోలీసులు దొంగను పట్టుకోవడానికి ప్రయత్నిస్తున్నరు.
దొంగ పోలీసులకు పట్టుబడడానికి ప్రయత్నిస్తున్నడు.

మొదటి జంటలో ఉన్నరు పోయి ఉన్నడు వచ్చింది, చెప్పిన సంగతి మాత్రం అదే. రెండో జంటలో రెండూ వ్యాకరణం ప్రకారం బాగున్నాయి, కానీ రెండోది చెప్పేది లొంగిపోదామని చూస్తున్న దొంగ సంగతి. ఈ పరీక్షలో ✗ రాదు, అర్థం మారుతుంది. చాలామంది ✗ కోసం వెతికి, దొరకక, పరీక్ష పనిచేయలేదని రాస్తారు. 'రెండూ నిజం కావచ్చా?' అని కూడా అడగకండి, కావచ్చు. 'ఒకటి నిజమై రెండోది అబద్ధం కావచ్చా?' అని అడగండి. దొంగ ముల్కనూరు తోటల్లో దాక్కుని ఉన్నాడు, పోలీసులు వెతుకుతున్నారు అనుకోండి. మూడోది నిజం, నాలుగోది అబద్ధం. అక్కడికి తేలిపోయింది.

ఏటట్టుండుతో ఒక ఇబ్బంది ఉంది. 'ఆయన ఇయ్యాల పిల్లగాన్ని కొట్టేటట్టున్నడు' అంటే చాలామందికి ఆయన ముఖం చూసి చెప్తున్నట్టు వినిపిస్తుంది. 'పిల్లగాడు ఇయ్యాల ఆయనతోని దెబ్బలు తినేటట్టున్నడు' అంటే పిల్లగాడి అల్లరి చూసి చెప్తున్నట్టు ఉంటుంది. సంగతి ఒకటే అయినా, గుర్తు ఎవరి దగ్గర కనబడిందన్నది మారింది. దీన్ని పట్టుకుని ఎవరైనా 'చూడు, ఉన్నడు తన కర్తకు ఏదో ఇస్తుంది, ఇది రెయిజింగ్ కాదు' అనొచ్చు. దానికి రెండు జవాబులు ఉన్నాయి. ఉట్టి ఉంది పెట్టి 'ఆయన కొట్టేటట్టుంది', 'పిల్లగాడు దెబ్బలు తినేటట్టుంది' అని మార్చి చూస్తే ఆ తేడా చాలావరకు పోతుంది. పప్పులు దగ్గర 'లేవు' అని బహువచనంలో కలిసినా జాతీయం బతికింది కదా, పప్పుల ముఖం చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. కాబట్టి ఆ అర్థపు నీడ ఉండొచ్చు గానీ తప్పనిసరి కాదు. తప్పనిసరి కానిదాన్ని పాత్ర అనలేం.

ఇక మొదలుపెట్టు

ఇంగ్లిష్ బిగిన్ మీద డేవిడ్ పెర్ల్‌మట్టర్ 1970లో రాసిన వ్యాసం ఇదే ప్రశ్న వేసి, బిగిన్‌లు రెండు ఉన్నాయని తేల్చింది. మన మొదలుపెట్టు మీద అదే దారిలో పోదాం. మాటలో వచ్చే 'చదువుడు', రాతలో వచ్చే 'చదవడం' ఇక్కడ ఒకటే అనుకోండి.

ముందు జాతీయం. 'వానికి కళ్ళు నెత్తికెక్కుడు మొదలుపెట్టినయి' నా చెవికి బాగానే ఉంది, పొగరు అర్థం నిలిచింది, క్రియ కళ్ళతో కలిసింది. అంటే పాత్ర ఇవ్వని మొదలుపెట్టు ఒకటి ఉంది. 'వాన పడుడు మొదలుపెట్టింది' కూడా దీని కిందికే వస్తుంది.

తర్వాత కు-కర్త. 'రవికి భయమవుడు మొదలైంది' సాఫీగా ఉంది, 'రవికి భయమవుడు మొదలుపెట్టింది' కొంచెం కుంటుతుంది. తెల్లారుతో కూడా ఇట్లాగే మొదలైంది మేలు. ఈ కుంటుడు చూసి కంట్రోల్ అని కొట్టేయకండి. పక్కనే 'మొదలవు' అనే మాట సిద్ధంగా ఉంది, చేసే మనిషి లేనప్పుడు నోరు దానివైపే పోతుంది. పైగా మొదలవు వాక్యంలో 'భయమవుడు' అనే పనిపేరు వాక్యమే కర్త కావచ్చు, అప్పుడు ఎవరూ పైకి రావలసిన పనే లేదు. కాబట్టి మొదలైందిని రెయిజింగ్‌కు సాక్ష్యంగా పెట్టకండి.

ఇప్పుడు పాసివ్ జంట:

పోలీసులు దొంగలను పట్టుకునుడు మొదలుపెట్టిన్రు.
దొంగలు పోలీసులకు పట్టుబడుడు మొదలుపెట్టిన్రు.

ఉన్నదున్నట్టు చదివితే రెండూ ఒకే సంగతి. దొంగలు కావాలని ఏమీ చేయలేదు, ఒక్కొక్కడే దొరుకుతున్నాడు. ఇది రెయిజింగ్ చదువు. రెండిట్లోనూ 'కావాలని' అన్న మాట చేర్చి చూడండి. 'పోలీసులు కావాలని పట్టుకునుడు మొదలుపెట్టిన్రు' అంటే బుద్ధి పోలీసులది. 'దొంగలు కావాలని పట్టుబడుడు మొదలుపెట్టిన్రు' అంటే బుద్ధి దొంగలది. సంగతి విడిపోయింది, కంట్రోల్ చదువు బయటికి వచ్చింది. ఒకే క్రియ, ఒకే జంట, ఒక్క మాటతో ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకు పోయింది.

రెండో మొదలుపెట్టు నిజంగా ఉందనడానికి ఇంకో ఆధారం ఆజ్ఞలు. 'ఇగ చదువుడు మొదలుపెట్టు' అని పిల్లగానికి చెప్తాం, 'చదువుడు మొదలుపెట్టమని బలవంతపెట్టిన్రు' అంటాం. ఆజ్ఞ అందుకోవాలంటే క్రియకు చేసేవాడు ఉండాలి. ఏటట్టుండుతో ఇట్లా చెప్పలేం. '✗ గెలిచేటట్టుండమని బలవంతపెట్టిన్రు' అంటే గెలిచే తీరులో నడుచుకో అన్న వేరే అర్థం తప్ప, గెలుస్తాడనిపించడం అన్న అర్థం రాదు.

నార్బర్ట్ హార్న్‌స్టీన్ 1999లో కంట్రోల్ కూడా పైకి రావడమేనని, ప్రో అక్కరలేదని వాదించారు. మీ వైవాలో ఎవరైనా ఇది లేవనెత్తితే తడబడకండి. ఆ వాదంలో కూడా కంట్రోల్‌లో కర్త రెండు పాత్రలు పోగుచేసుకుంటుంది, రెయిజింగ్‌లో ఒక్కటే ఉంటుంది. పైన చెప్పిన పరీక్షలు పాత్రలను లెక్కపెడతాయి, కదలికను కాదు. కాబట్టి ఏ పక్షం గెలిచినా అవి నిలుస్తాయి.

మాట్లాడేవాళ్ళను అడిగి వాక్యాలు సేకరించేటప్పుడు, పప్పులు వాక్యాన్ని ఒంటరిగా ఇచ్చి 'కరెక్టేనా' అని అడిగితే సగం మంది కందిపప్పు గురించే ఆలోచిస్తారు. ముందు ఒక సందర్భం చెప్పండి, బాకీ ఎగ్గొడదామని వచ్చినవాణ్ని షావుకారు కనిపెట్టాడని. ఆ తర్వాత వాక్యం చదివి, అర్థం ఏమిటో వాళ్ళ మాటల్లోనే చెప్పించుకోండి. ఎత్తులు సాగవని చెప్తే జాతీయం బతికినట్టు. ప్రయత్నించు వాక్యాలకు ప్రయత్నించింది ఎవరని, జంట వాక్యాలకు ఒకటి నిజమై ఇంకోటి అబద్ధమయ్యే సందర్భం ఏదైనా ఉందా అని అడగండి. మొదలుపెట్టు వాక్యాలను మాత్రం 'కావాలని' చేర్చి ఒకసారి, తీసి ఒకసారి, వేరువేరు మనుషులను అడగండి. ఒకే మనిషికి రెండూ చూపిస్తే మొదటి చదువు రెండోదానిమీద అంటుకుంటుంది.